కలర్‌బ్లైండ్ మోడ్ నిజంగా పనిచేస్తోందా? మామూలు చూపున్నవాళ్లు దాన్ని టెస్ట్ చేయడం ఎలా

గేమ్‌లోని యాక్సెసిబిలిటీ మెనూలో చాలా ఆప్షన్లను ఎవరైనా సొంతంగా పరీక్షించుకోవచ్చు. సబ్‌టైటిల్ సైజు సరిపోతుందా అంటే, ఫోన్‌ను చెయ్యి చాచినంత దూరంలో పెట్టి చదివితే తెలిసిపోతుంది. ఒంటి చేత్తో ఆడే కంట్రోల్స్ బాగున్నాయా అంటే, ఎడమ చెయ్యి జేబులో పెట్టుకుని ట్రైనింగ్ గ్రౌండ్‌లో పది నిమిషాలు ఆడితే చాలు. ఎక్కడ బొటనవేలు అందట్లేదో వెంటనే అర్థమవుతుంది. కలర్‌బ్లైండ్ మోడ్ దగ్గరకి వచ్చేసరికి మాత్రం ఈ పద్ధతి పనికిరాదు. రంగులన్నీ మామూలుగా కనబడే మనిషి ఆ మోడ్ ఆన్ చేస్తే స్క్రీన్ కొంచెం వింతగా కనిపిస్తుంది, అంతే. అది మంచి మోడో, పేరుకి పెట్టిన మోడో అతని కళ్లు చెప్పలేవు. అందుకే మన దగ్గర చాలా రివ్యూలలో "కలర్‌బ్లైండ్ మోడ్ కూడా ఉంది" అని ఒక్క లైన్ రాసి వదిలేస్తారు. ఆ ఒక్క లైన్‌ని అసలు టెస్ట్‌గా ఎలా మార్చొచ్చో ఈ ఆర్టికల్‌లో చూద్దాం. ఉదాహరణకి మనవాళ్లు ఎక్కువగా ఆడే బీజీఎంఐని తీసుకుంటున్నా.

కాజీపేటలో ఉండే మా బాబాయి కొడుకు మంచి ప్లేయర్. ఎయిమ్ బాగుంటుంది, మ్యాప్ మొత్తం నోటికి వచ్చు. కానీ ఎయిర్‌డ్రాప్ పడితే మాత్రం ఎప్పుడూ ఇదే మాట: "పొగ ఏడుందే అన్నా? నాకు కనబడ్తలేదు." స్క్వాడ్‌లో అందరూ నవ్వేవాళ్లు. డ్రాప్ మీద నుంచి లేచేది ఎర్ర పొగ. వెనకాల ఎరాంగెల్ కొండలు, చెట్లు, అంతా పచ్చదనం. మనకి ఆ ఎరుపు కిలోమీటరు దూరం నుంచి కొట్టొచ్చినట్టు కనబడుతుంది. వాడికి ఆ రెండూ దాదాపు ఒకే రకం మట్టిరంగు. తర్వాత వాడు రైల్వేలో అసిస్టెంట్ లోకో పైలట్ పోస్టుకి మెడికల్‌కి వెళ్లాడు. చుక్కల మధ్య అంకెలు చదివే ఇషిహారా పుస్తకం అక్కడ ముందు పెట్టారు. ఎరుపు, ఆకుపచ్చ తేడా సరిగా తెలియదని అప్పుడే బయటపడింది. సిగ్నల్స్ చూస్తూ బండి నడిపే ఉద్యోగం కాబట్టి, ఆ పోస్టుకి కావాల్సిన ఏ-1 కేటగిరీలో మామూలు రంగుచూపు ఉండి తీరాలి. లోకో షెడ్లు ఉన్న కాజీపేట లాంటి ఊళ్లో చాలామంది కుర్రాళ్లకి ఈ సంగతి తెలిసేది ఆ మెడికల్ రోజునే. వాడి విషయంలో ఎర్ర పొగ రెండేళ్ల ముందు నుంచే చెబుతోంది, మేమే జోక్ అనుకున్నాం.

ఇంతకీ లోపల జరిగేది ఏంటి? కంటి రెటీనాలో రంగు చూడటానికి మూడు రకాల కోన్ కణాలు ఉంటాయి. ఒకటి పొడవైన తరంగాలకి, ఒకటి మధ్యస్థ తరంగాలకి, ఒకటి చిన్న తరంగాలకి ఎక్కువగా స్పందిస్తాయి. మొదటి రెండూ నిజానికి చాలా దగ్గర చుట్టాలు: ఒకదాని శిఖరం సుమారు 560 నానోమీటర్ల దగ్గర, ఇంకోదాని శిఖరం సుమారు 530 దగ్గర ఉంటుంది. ఈ రెండింటి సిగ్నల్స్ మధ్య ఉన్న చిన్న తేడా నుంచే మెదడు ఎరుపుని, ఆకుపచ్చని విడదీస్తుంది. ఆ రెండింట్లో ఒకటి లేకపోయినా, రెండోదానికి మరీ దగ్గరగా జరిగినా ఆ తేడా చెరిగిపోతుంది. మొదటి రకం తేడా చేస్తే ప్రొటాన్, రెండో రకం తేడా చేస్తే డ్యూటాన్, మూడో రకం అయితే ట్రైటాన్ అంటారు. గేమ్ మెనూలో కనబడే `Protanopia`, `Deuteranopia`, `Tritanopia` అనే మూడు పేర్లు ఇవే. మొదటి రెండింటి జన్యువులు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటాయి కాబట్టి ఇది మగవాళ్లలోనే ఎక్కువ, అదీ తల్లి వైపు నుంచి వస్తుంది. మేనమామ పోలిక అంటారు కదా, ఇక్కడ ఆ మాట చాలాసార్లు నిజమవుతుంది.

రివ్యూ చేసేవాళ్లు ఇక్కడ గుర్తుపెట్టుకోవాల్సిన విషయం ఒకటుంది. డ్యూటాన్ ఉన్న మనిషికి రంగు తేడా పోతుంది కానీ వెలుగు తేడా పోదు. లేత పసుపు, ముదురు నీలం అతనికి మనకిలాగే విడివిడిగా కనిపిస్తాయి. మనం 'ముదురు ఆకుపచ్చ', 'ముదురు ఎరుపు' అనే రెండింటికీ వెలుగు సమానంగా ఉంటే మాత్రం అతని దగ్గర పట్టుకోవడానికి ఇక ఏమీ మిగలదు. దాన్ని కళ్లతో కాకుండా లెక్కతో చూడొచ్చు. వెబ్ డిజైన్‌లో వాడే కాంట్రాస్ట్ ఫార్ములా ఇందుకు సరిపోతుంది:

```python
def lin(c):
    c /= 255
    return c/12.92 if c <= 0.04045 else ((c+0.055)/1.055)**2.4

def lum(r, g, b):
    return 0.2126*lin(r) + 0.7152*lin(g) + 0.0722*lin(b)

def contrast(a, b):
    hi, lo = sorted((lum(*a), lum(*b)), reverse=True)
    return (hi + 0.05) / (lo + 0.05)

print(contrast((217, 48, 37), (24, 128, 56)))
print(contrast((255, 176, 0), (0, 85, 204)))
```

మొదటి జత యాప్‌లలో రోజూ చూసే ఎరుపు, ఆకుపచ్చ లాంటిదే. మన కళ్లకి ఈ రెండూ పూర్తిగా వేరు. లెక్క వేస్తే వచ్చేది 1.05. 1 అంటే రెండింటి వెలుగూ సరిగ్గా సమానం అని అర్థం, కాబట్టి వెలుగు పరంగా ఇవి దాదాపు కవలలు. రెండో జత నారింజ, నీలం. దానికి సుమారు 3.6 వస్తుంది. ఐకాన్లు, బటన్ల లాంటివాటికి వెబ్ ప్రమాణాలు అడిగే కనీస కాంట్రాస్ట్ 3. నారింజ, నీలం జతకి ఇంకో లాభం కూడా ఉంది. వెలుగు తేడాతో పాటు రంగు తేడా కూడా డ్యూటాన్, ప్రొటాన్ ఇద్దరికీ మిగులుతుంది, ఎందుకంటే నీలాన్ని పట్టే కోన్ వాళ్లలో బాగానే ఉంటుంది. గేమ్ మెనూలలో నారింజ, నీలం జత మళ్లీ మళ్లీ కనబడటానికి కారణం ఇదే, డిజైనర్ల ఫ్యాషన్ కాదు.

ఈ లెక్కకి ఒక హద్దు ఉంది. ఫార్ములా మామూలు కంటిని దృష్టిలో పెట్టుకుని రాసింది. ప్రొటాన్ ఉన్నవాళ్లకి ఎరుపు రంగే కాదు, ఎరుపు వెలుగు కూడా తగ్గుతుంది. ముదురు ఎరుపు వాళ్లకి దాదాపు నలుపు. నల్లటి బ్యాక్‌గ్రౌండ్ మీద ఎర్ర అక్షరాలతో "లో హెల్త్" అని రాస్తే ఫార్ములా పాస్ చేయొచ్చు, ప్రొటాన్ ప్లేయర్‌కి మాత్రం అక్కడ ఏదో మసకగా ఉందనే తెలుస్తుంది. అందుకే లెక్క ఒక్కటే చాలదు, సిమ్యులేషన్ కూడా కావాలి.

సిమ్యులేషన్‌కి ఆండ్రాయిడ్‌లో వేరే యాప్ అక్కర్లేదు. ఫోన్ సెట్టింగ్స్‌లో `Build number` మీద ఏడుసార్లు నొక్కితే `Developer options` తెరుచుకుంటుంది. అందులో `Simulate color space` అని ఉంటుంది. బ్రాండ్‌ని బట్టి చోటు, పేరు కొంచెం మారొచ్చు. దాన్ని `Deuteranomaly` మీద పెడితే ఫోన్ మొత్తం ఆ చూపుతో కనిపిస్తుంది. ఇదే ఫోన్‌లో `Accessibility` కింద `Color correction` అని ఇంకోటి ఉంది, అందులోనూ దాదాపు అవే పేర్లు. చాలామంది ఈ రెండింటినీ కలిపేస్తారు. కానీ ఇవి ఒకదానికొకటి ఎదురు: మొదటిది లోపాన్ని చూపిస్తుంది, రెండోది లోపాన్ని సర్దడానికి ప్రయత్నిస్తుంది. మామూలు కళ్లున్న మనం టెస్ట్‌కి వాడాల్సింది మొదటిది.

కొందరు డెవలపర్లు కూడా సరిగ్గా ఇక్కడే పడిపోతారు. ఇంటర్నెట్‌లో దొరికే సిమ్యులేషన్ షేడర్ తీసుకొచ్చి దానికే "కలర్‌బ్లైండ్ మోడ్" అని పేరు పెట్టి గేమ్‌లో పెట్టేస్తారు. అంటే ఎరుపు-ఆకుపచ్చ సరిగా కనబడని మనిషికి, ఆ తేడాని ఇంకా బాగా చెరిపేసి చూపించడం అన్నమాట. కళ్లజోడు అడిగిన మనిషికి కళ్లకి గంతలు కట్టినట్టు.

టెస్ట్ మొదలుపెట్టే ముందు రెండు విషయాలు చూసుకోండి. డిస్‌ప్లేని `Vivid` నుంచి `Natural`కి మార్చండి. ఎందుకంటే అమోలెడ్ ఫోన్లలో వివిడ్ మోడ్ ఎరుపు-ఆకుపచ్చల్ని ఉన్నదానికంటే ఘాటుగా చూపిస్తుంది, ఫలితం ఆ ఫోన్‌కి మాత్రమే నిజమవుతుంది. రెండోది, నైట్ లైట్ లేదా ఐ కంఫర్ట్ ఆఫ్ చేయండి. ఇది చిన్న విషయంలా ఉంటుంది కానీ కాదు. సర్దుబాటు ఫిల్టర్లు చేసే పని ఏంటంటే, ఎరుపు-ఆకుపచ్చల మధ్య పోయిన తేడాని లెక్కగట్టి, అందులో కొంత నీలం వైపుకి మళ్లించడం. నైట్ లైట్ చేసేదేమో నీలాన్ని కోయడం. రాత్రి పదకొండింటికి స్క్వాడ్ ఆడే కుర్రాడు రెండూ ఆన్ చేసుకుంటే, ఒకటి ఇచ్చింది ఇంకోటి పట్టుకుపోతుంది. "మోడ్ పెట్టినా లాభం లేదు బ్రో" అనేవాళ్లని ముందు ఇది అడిగి చూడండి. అలాగే ఫోన్‌లో `Color correction`, గేమ్‌లో కలర్‌బ్లైండ్ మోడ్ రెండూ ఒకేసారి ఆన్ చేస్తే, సర్దిన రంగుల్ని మళ్లీ సర్దినట్టవుతుంది. ఏదో ఒకటే ఉంచాలి.

ఇప్పుడు బీజీఎంఐలోకి వెళ్దాం. సెట్టింగ్స్‌లో `Colorblind Mode` ఉంటుంది, మామూలుతో పాటు పైన చెప్పిన మూడు రకాలూ ఉంటాయి. మొదట తెలుసుకోవాల్సింది ఆ మోడ్ దేన్ని మారుస్తోంది అన్నది. ట్రైనింగ్ గ్రౌండ్‌లో ఒక చోట కదలకుండా నిలబడి, మోడ్ ఆఫ్‌లో ఒక స్క్రీన్‌షాట్, ఆన్‌లో ఒక స్క్రీన్‌షాట్ తీయండి. రెండింటినీ గ్యాలరీలో ముందుకీ వెనక్కీ తిప్పుతూ ఆకాశాన్ని, గడ్డిని చూడండి. గడ్డి, గోడ, చర్మం, అన్నీ కలిసి మారితే అది స్క్రీన్ మొత్తం మీద వేసిన ఫిల్టర్. గడ్డి అలాగే ఉండి కొన్ని గుర్తులు, ఎఫెక్ట్‌లు మాత్రమే మారితే అది ఎంచుకుని మార్చే మోడ్. నా అభిప్రాయంలో రెండోదే మేలు. ఫిల్టర్ ఒక జతని విడదీస్తూ ఇంకో జతని కలిపేసే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. ఎరుపుని గులాబీ-ఊదా వైపు నెట్టేసరికి, అంతకుముందు స్పష్టంగా ఉన్న ఊదా రంగు వస్తువు దానిలో కలిసిపోవచ్చు. మార్చాల్సినవి నాలుగైతే నాలుగే మార్చడం మంచిది.

స్క్రీన్‌షాట్ల గురించి ఒక ట్రిక్ చెప్పాలి. ఫోన్ చేసే సిమ్యులేషన్, కలర్ కరెక్షన్ స్క్రీన్‌షాట్‌లో పడవు, ఎందుకంటే అవి బొమ్మ తయారయ్యాక డిస్‌ప్లేకి పంపే చివరి మెట్టులో జరుగుతాయి. గేమ్ లోపలి మోడ్ మాత్రం బొమ్మలోనే గీసి ఉంటుంది కాబట్టి స్క్రీన్‌షాట్‌లో కనిపిస్తుంది. రివ్యూలో సిమ్యులేషన్ ఫోటో పెట్టాలంటే ఇంకో ఫోన్ కెమెరాతో స్క్రీన్‌ని ఫోటో తీయాల్సిందే. దీనివల్ల మనకి ఒక మేలు కూడా ఉంది: సిమ్యులేషన్ ఆన్‌లో ఉన్నా, స్క్రీన్‌షాట్ నుంచి కలర్ పికర్‌తో తీసే అంకెలు గేమ్ అసలు రంగులవే. నేరుగా పైన ఉన్న కోడ్‌లో వేసుకోవచ్చు.

తర్వాత పరీక్షకి కొన్ని వస్తువులే ఎంచుకోండి, మొత్తం స్క్రీన్ వద్దు. నేనైతే మూడు తీసుకుంటా: ఎయిర్‌డ్రాప్ పొగ, మ్యాప్ మీద రెడ్ జోన్, రెడ్ డాట్ స్కోప్‌లోని చుక్క. ఒక్కోదాన్ని ముందు సిమ్యులేషన్ ఆన్ చేసి, గేమ్ మోడ్ ఆఫ్ చేసి చూడాలి, తర్వాత గేమ్ మోడ్ ఆన్ చేసి చూడాలి. ఎక్కడుందో ముందే తెలిసిన వస్తువుని చూసి "ఆ, కనబడుతోంది" అనుకోవడం చాలా తేలిక. కాబట్టి పొగ విషయంలో ఫ్రెండ్‌ని రికార్డ్ చేసి పంపమనండి. డ్రాప్ ఏ దిక్కున పడిందో తెలియకుండా ఆ వీడియోని సిమ్యులేషన్‌లో చూసి, ఎన్ని సెకన్లలో దొరికిందో రాసుకోండి. మోడ్ ఆఫ్‌లో, ఆన్‌లో వేర్వేరు వీడియోలు కావాలి, లేకపోతే రెండోసారి గుర్తుండిపోతుంది. ఐదైదు వీడియోలు చాలు, తేడా ఉంటే కనబడుతుంది.

రెడ్ జోన్ దగ్గర వేరే సంగతి ఉంది. ఆకుపచ్చ మ్యాప్ మీద పలచటి ఎర్ర గుండ్రం కాబట్టి సిమ్యులేషన్‌లో అది బాగా మాసిపోతుంది. కానీ బాంబులు పడబోతున్నాయని స్క్రీన్ మీద అక్షరాల్లో కూడా హెచ్చరిక వస్తుంది. హెచ్చరిక అందుతుంది, అంచు ఎక్కడో సరిగ్గా తెలియదు. రివ్యూలో ఇలాగే విడదీసి రాయాలి. ఇదే గేమ్‌లో టీమ్‌మేట్స్ గుర్తులు చూడండి. ఒక్కొక్కరికి ఒక రంగు ఉంటుంది, దాని మీద 1 నుంచి 4 వరకు అంకె కూడా ఉంటుంది. రంగు ఒక్కటీ తెలియకపోయినా "మూడో నంబర్ దగ్గరికి రా" అంటే సరిపోతుంది. ఏ మోడూ ఆన్ చేయకుండానే అందరికీ పనిచేసే పద్ధతి ఇది. అమాంగ్ అస్‌లో అయితే సమస్య ఇంకా పెద్దది, ఎందుకంటే అక్కడ మనిషి గుర్తింపే రంగు. వాళ్లు ఆప్షన్ ఆన్ చేస్తే క్యారెక్టర్ దగ్గర రంగు పేరునే అక్షరాల్లో చూపించేలా చేశారు. మన ఇళ్లలో ఆడే లూడో బోర్డుకి ఆ సౌకర్యం లేదు. ఎర్ర కాయ, పచ్చ కాయ ఇంట్లో ఉన్నంతసేపూ ఇబ్బంది లేదు, బయటికొచ్చి ఒకే దారిలో కలిశాకే గొడవ.

రక్తం రంగు సంగతి కూడా చాలామంది అడుగుతారు. 2021 జులైలో బీజీఎంఐ వచ్చినప్పుడు ఎర్ర రక్తం బదులు ఆకుపచ్చ ఎఫెక్ట్ పెట్టారు. అది యాక్సెసిబిలిటీ కోసం చేసింది కాదు, హింస తక్కువ కనబడాలని చేసింది. బుల్లెట్ తగిలిందా లేదా తెలుసుకోవడానికి ఆ ఎఫెక్టే ఆధారం కాబట్టి, గడ్డిలో పడుకున్న శత్రువు మీద ఆకుపచ్చ చిమ్మితే మామూలు కళ్లకి కూడా కష్టమే. ఇక్కడ అడగాల్సింది ఎరుపా ఆకుపచ్చా అని కాదు, వెనకున్న గడ్డికంటే ఎంత వెలుగుగా ఉంది అని. స్క్రీన్‌షాట్ తీసి రెండు చోట్ల కలర్ పికర్ పెట్టి కోడ్‌లో వేయండి, 3 దాటకపోతే రాయడానికి మీకు పాయింట్ దొరికినట్టే.

స్కోప్ చుక్క విషయంలో కలర్‌బ్లైండ్ మోడ్ కంటే మంచి దారి గేమ్‌లోనే ఉంది. స్కోప్ సెట్టింగ్స్‌లో రెడ్ డాట్, హోలో లాంటివాటి చుక్క రంగుని, ఆకారాన్ని విడిగా మార్చుకోవచ్చు. క్రాస్‌హెయిర్ రంగు కూడా అంతే. మా తమ్ముడికి చివరికి బాగా పనిచేసింది ఇదే. మూడు మోడ్‌లూ మార్చి మార్చి చూశాడు, పొగ దగ్గర కొంచెం లాభం ఉందన్నాడు, మిగతా రంగులు అలవాటు తప్పాయని ఆఫ్ చేసేశాడు. స్కోప్ చుక్క మాత్రం మార్చి ఉంచుకున్నాడు. పొగ కోసం ఇప్పుడు రంగు వెతకడు. విమానం శబ్దం వినగానే దాని దారి చూసి, పారాచూట్ ఎక్కడ దిగుతుందో కనిపెడతాడు.

ఏ మోడ్ ఎంచుకోవాలని అడిగేవాళ్లకి నేను చెప్పేది, పేరు చూసి కాదు, మీకు కష్టమైన ఆ ఒక్క వస్తువుని ముందు పెట్టుకుని మూడూ మార్చి చూడమని. తమది ప్రొటానో డ్యూటానో చాలామందికి తెలియదు. అది ఫోన్‌లో తేలే విషయం కూడా కాదు. ఇషిహారా ప్లేట్ల ఫోటోలు నెట్‌లో దొరుకుతాయి కానీ ఫోన్ స్క్రీన్ రంగులు ఒక్కో మోడల్‌లో ఒక్కోలా ఉంటాయి, ఆ ఫలితాన్ని పట్టుకుని ఉద్యోగానికి అప్లై చేయాలా వద్దా అని తేల్చుకోవద్దు. కంటి డాక్టర్ దగ్గర అచ్చు పుస్తకంతో ఐదు నిమిషాల పని. రైల్వే నోటిఫికేషన్‌కి ప్రిపేర్ అవుతున్నవాళ్లయితే ఫీజు కట్టి, కోచింగ్‌లో చేరకముందే చూపించుకోండి.

చివరగా, సిమ్యులేషన్ మీద కూడా గుడ్డి నమ్మకం వద్దు. అది ఒకే ఒక మోతాదు చూపిస్తుంది, మనుషుల్లో లోపం స్వల్పం నుంచి పూర్తి వరకు ఎన్నో స్థాయిల్లో ఉంటుంది. పుట్టినప్పటి నుంచి అలాగే చూసినవాళ్లు వెలుగు, ఆకారం, కదలిక మీద ఆధారపడటానికి అలవాటుపడి ఉండొచ్చు, కాబట్టి మనకి సిమ్యులేషన్‌లో దొరకనిది వాళ్లకి దొరకొచ్చు. సిమ్యులేషన్‌లో ఫెయిల్ అయితే "ఇక్కడ అనుమానం ఉంది" అని రాయండి, "ఆడలేరు" అని రాయొద్దు. మీ సర్కిల్‌లో ఎరుపు-ఆకుపచ్చ ఇబ్బంది ఉన్న ప్లేయర్ ఉంటే ఆ మూడు వస్తువులూ వాళ్లకే చూపించి, వాళ్ల సెకన్లని మీ సెకన్ల పక్కన వేయండి. నా టేబుల్‌లో రెండు కాలమ్‌లు అందుకే ఉంటాయి: ఒకటి సిమ్యులేషన్, ఒకటి మా తమ్ముడు. రెడ్ జోన్ వరసలో ఆ రెండూ కలిశాయి, పొగ వరసలో మాత్రం వాడు నాకంటే ముందున్నాడు.